కార్డు మీద రెండు వాక్యాలు

గంట ప్యానెల్ అంటారు గానీ, అందులో ఒక్కొక్కరికి దక్కేది ఏడెనిమిది నిమిషాలే. లెక్క వేసి చూడండి. అంతకుముందు కార్యక్రమం సాగి సాగి మనది 10 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది. ముగించాల్సిన టైము మాత్రం మారదు, అదే హాల్లో తర్వాత ఇంకేదో ఉంటుంది కాబట్టి. పరిచయాలకీ, మోడరేటర్ తొలి పలుకులకీ 5 నిమిషాలు. చివర్లో ప్రేక్షకుల ప్రశ్నలకి 15. మిగిలిన ముప్ఫైని నలుగురు పంచుకుంటే తలా ఏడున్నర. అదైనా ఒక్క ముక్కగా చేతికి రాదు. రెండున్నర నిమిషాల చొప్పున మూడు విడతలుగా వస్తుంది. ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య మిగతా ముగ్గురూ మాట్లాడతారు, ఇందాక మనం ఎక్కడ ఆపామో వినేవాళ్ళకి గుర్తుండదు.

నేను ఎంత వేగంగా మాట్లాడతానో తెలుసుకుందామని ఒకసారి ఫోన్లో రికార్డు చేసుకుని, ఆ మాటల్ని కాగితం మీదకి ఎత్తి లెక్కపెట్టాను. నిమిషానికి 95 పదాలు వచ్చాయి. ఇంగ్లీషు ఉపన్యాసాలకి చెప్పే లెక్కలు ఇక్కడ పనికిరావు. మన భాషలో విభక్తులూ గట్రా పదానికే అతుక్కుని ఉంటాయి కదా, పదాలు తక్కువ, పొడవు ఎక్కువ. ఆ చొప్పున ఏడున్నర నిమిషాలంటే 700 పదాలు. నేను పుస్తకం మీద రాసే సమీక్షలో ఆ పాటికి ఇంకా పుస్తకంలోకి కూడా వెళ్ళను.

ఈ లెక్కలెందుకు వేశానో చెప్తాను. పోయినేడాది హైదరాబాదులో ఒక పుస్తకాల సభలో తొలి తెలుగు కథ గురించి ప్యానెల్ పెట్టారు. పగలంతా పేమెంట్ల సర్వర్లు చూసుకునే నన్ను అందులో ఎందుకు కూర్చోబెట్టారంటే, అప్పుడప్పుడూ పాత కథల మీద రాస్తుంటాను కాబట్టి, బహుశా నలుగురిలో ఒకరైనా నలభై లోపు వాళ్ళుండాలని నిర్వాహకులు అనుకున్నారు కాబట్టి. మిగతా ముగ్గురిలో ఒకాయన తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు, ఒకావిడ కవయిత్రి, ఇంకొకాయన ప్రచురణకర్త. ముగ్గురికీ ఆ విషయం నాకన్నా ఎక్కువ తెలుసు. ఇది వినయం కాదు, లెక్కలో భాగం. తెలిసినదంతా చెప్పి వాళ్ళతో పోటీ పడే అవకాశం నాకు లేదు.

విషయం తెలియనివాళ్ళ కోసం నేపథ్యం క్లుప్తంగా. గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. తెలుగులో మొదటి కథ అదేనని మనలో చాలామందిమి బళ్ళో నేర్చుకున్నాం. 2010లో తెలుగు కథకి నూరేళ్ళు అంటూ సభలు జరిపింది ఆ లెక్కతోనే. కానీ భండారు అచ్చమాంబ గారు అంతకు ముందే కథలు రాశారు. ఆవిడ 1874లో పుట్టి, 1905లో, నిండా ముప్ఫై ఏళ్ళు దాటగానే పోయారు. 'ధనత్రయోదశి', 'స్త్రీవిద్య' రెండూ 1902లో 'హిందూ సుందరి' పత్రికలో అచ్చయ్యాయి. తేదీ చూసేవాళ్ళు ఆవిడ పేరు చెప్తారు. భాష, కథ నడిపిన తీరు చూసేవాళ్ళు గురజాడ అంటారు. ఇంకా వెనక్కి వెళ్ళి వేరే కథల పేర్లు చెప్పేవాళ్ళూ ఉన్నారు.

నాకున్న బాధ వేరు. ఈ చర్చ ఎక్కడ జరిగినా జనం రెండు సంవత్సరాలు పట్టుకుని ఇంటికెళ్తారు, 1902, 1910. అచ్చమాంబ ఒక తేదీగా మిగిలిపోతారు. ఆవిడ కథలో ఎవరున్నారు, ఏం జరుగుతుంది అని అడిగితే, ఆవిడే ముందని వాదించేవాళ్ళలో కూడా కొందరు తడుముకోవడం నేను చూశాను. ఈ ప్యానెల్ కూడా అలాగే అయిపోతే, ఆ ఏడున్నర నిమిషాలు ఆవిడకి ఇంకో గోరీ కట్టడానికే పనికొస్తాయి.

మొదటి శనివారం కూర్చుని నాకు తెలిసిందంతా రాశాను. నాలుగు పేజీలు, పదకొండు పాయింట్లు. కథకీ కథానికకీ తేడా. కన్యాశుల్కం నుంచి దిద్దుబాటు దాకా గురజాడ భాష. అచ్చమాంబకి చదువులో తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు ఇచ్చిన చేయూత. ఆవిడ 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. ఆనాటి స్త్రీల పత్రికలు. సంఘ సంస్కరణ. ఇలాగ. అన్నీ నిజాలే, అన్నీ అవసరమైనవే. కానీ ఒక్కొక్కదానికి వచ్చేది అరవై చిల్లర పదాలు. అరవై పదాల్లో ఒక విషయం పేరు చెప్పొచ్చు, విషయం చెప్పలేం.

పైగా ఆ పదకొండులో చాలావరకు వాక్యాలు కావు. 'అచ్చమాంబ ప్రాముఖ్యం' అని రాసుకున్నాననుకోండి, అది కంప్యూటర్లో ఒక ఫోల్డర్ పేరులా ఉంటుంది. లోపల ఏదైనా పెట్టొచ్చు. వేదిక మీద మైకు చేతికొచ్చాక ఆ ఫోల్డర్ తెరిస్తే ఏది ముందు చేతికి తగిలితే అది మాట్లాడతాం, రెండున్నర నిమిషాలు అయిపోతాయి. ప్యానెల్‌కి కావలసిన ముఖ్యమైన మాటకి కర్త, క్రియ రెండూ ఉండాలి. దాంతోపాటు నేను ఇంకో పరీక్ష పెట్టుకుంటాను: పక్క కుర్చీలో ఉన్నవాళ్ళు దాన్ని విని తల అడ్డంగా ఊపే వీలుందా? 'అచ్చమాంబ గొప్ప రచయిత్రి' అంటే ఎవరూ కాదనరు. కాదనలేనిదాన్ని ఎవరూ గుర్తూ పెట్టుకోరు, మర్యాదగా చప్పట్లు కొట్టి మర్చిపోతారు.

ఇక్కడిదాకా వచ్చాక వాక్యాలు వెతకడం ఆపేసి మోడరేటర్ గారికి ఫోన్ చేశాను. చాలామంది ఈ పని చెయ్యరు, చేస్తే ఏదో సిఫార్సు అడిగినట్టుంటుందని మొహమాటం. నిజానికి మోడరేటర్లు సంతోషిస్తారు. ఎవరు ముందు మాట్లాడతారు, ఎన్ని విడతలు, చివర్లో ఒక నిమిషం ముగింపు మాట అడుగుతారా, ప్రేక్షకులు ఎవరు అని అడిగాను. ఆపైన అసలు ప్రశ్న: మిగతావాళ్ళు దేని గురించి చెప్దామనుకుంటున్నారు? మాస్టారు గురజాడ భాష మీద, కవయిత్రి గారు స్త్రీల పత్రికల మీద, ప్రచురణకర్త పాత పుస్తకాల పునర్ముద్రణల మీద అని తెలిసింది. నా నాలుగు పేజీల్లో రెండు పేజీలు అక్కడికక్కడే కొట్టేశాను. స్త్రీల పత్రికల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి పక్కన కూర్చుని, నేను ఎక్కడో చదివింది అప్పజెప్పడం దేనికి? మిగిలిన ఖాళీ ఒక్కటే. ఆ కథల్ని ఈ మధ్యే, మొదటిసారిగా, ఏ పరీక్ష కోసమూ కాకుండా చదివిన మామూలు పాఠకుడి కుర్చీ. అది నాదే.

ఆ కుర్చీలో కూర్చుని రెండు వాక్యాలు రాశాను.

మొదటిది: 'తొలి కథ ఏదో తేల్చే గొడవలో పడి మనం ఆ కథల్ని చదవడం మానేశాం.'

రెండోది: 'అచ్చమాంబా గురజాడా పోటీదారులు కారు, ఇంట్లో భార్య మాట ఎప్పుడు చెల్లుతుంది అన్న ఒకే సంభాషణలో ఆవిడది ముందు మాట, ఆయనది తర్వాతి మాట.'

రెండింటికీ తల అడ్డంగా ఊపొచ్చు. మొదటిదానికి మాస్టారు, మేం చదువుతూనే ఉన్నాం బాబూ, అనొచ్చు. రెండోది ఇంకా ప్రమాదం. ఆవిడ కథలు చదివి ఆయన ఇది రాశాడని నేను అంటున్నట్టు వినబడే అవకాశముంది. నేను అనేది అది కాదు, అలా అనడానికి నా దగ్గర ఆధారమూ లేదు. వరసగా పెట్టి చదివితే పాఠకుడికి కలిగే అనుభవం గురించి మాత్రమే మాట్లాడుతున్నాను. అందుకే ఆ వాక్యం వెనకే చెప్పాల్సిన ఒక జాగ్రత్త మాట కూడా తయారుచేసుకున్నాను: 'ఆయన ఇవి చదివారని కాదు, మనం వరసగా చదవొచ్చని.' ఏడు పదాలు. ఇది లేకుండా రెండో మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాను.

రెండే ఎందుకు, ఒకటి చాలదా, మూడైతే ఏం? ఒక్కటే పెట్టుకుంటే, నాకన్నా ముందు మాట్లాడేవాళ్ళు అదే అనేస్తే చేతులు ఖాళీ. అనకపోయినా, మూడు విడతల్లోనూ అదే తిప్పి చెప్తే అరిగిపోయిన రికార్డు. మూడు పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. వాక్యం చెప్పడం, ఒక ఉదాహరణ, దాని నుంచి మళ్ళీ వాక్యానికి రావడం, వీటికి తక్కువలో తక్కువ నిమిషంన్నర. మోడరేటర్ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి, పక్కవాళ్ళ మాటకి స్పందించాలి, ఒకసారి దగ్గాలి, నీళ్ళు తాగాలి. రెండున్నర నిమిషాల విడతలో ఒక మాటే పడుతుంది. మూడు విడతల్లో రెండు మన మాటలకి, మూడోది మనం ఊహించని దానికి. నాకు మూడో వాక్యం కూడా దొరికింది, పత్రికలు లేకపోతే ఈ కథలే లేవని. బాగానే ఉంది గానీ అది కవయిత్రి గారి వాక్యం. వదిలేశాను.

ఇంకొక విషయం, రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడకూడదు. మొదటిది చెప్పే అవకాశం రాకపోయినా రెండోది ఒంటరిగా నిలబడాలి. ప్యానెల్లో వరస మన చేతిలో ఉండదు.

వాక్యాలు కుదరడానికి ఒక పూట పట్టింది. ఉదాహరణలకి మూడు సాయంత్రాలు. అసలు కష్టం అక్కడే.

సభలో కూర్చున్న మనిషి ఒకసారే వింటాడు. పేజీ పైకి జరిపి మళ్ళీ చదవలేడు. ఆ ఒక్కసారిలో అతనికి తగులుకునేది చూడగలిగే వస్తువో, ఎవరో చేసిన ఒక పనో. సంవత్సరాలు తగులుకోవు. 'సంస్కరణ దృక్పథం' అసలే తగులుకోదు. కాబట్టి ఒక్కో మాటకి రెండేసి ఉదాహరణలు వెతికాను, ఒకటి చెప్పడానికి, ఒకటి దాచుకోవడానికి. దాచుకున్నది ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మొదటి మాటకి ఒకటి పుట్టినరోజు ఉదాహరణ. 2010లో మనం కథకి నూరేళ్ళ పండగ చేశాం. 1902 నుంచి లెక్కపెడితే ఆ పండగ 2002లో అయిపోవాలి. పుట్టినరోజు ఏనాడో తేల్చుకోలేక కొట్టుకుంటున్నాం గానీ, పుట్టిన బిడ్డ మొహం ఎవరం చూశాం? రెండోది మెట్రో ఉదాహరణ. నేను 'ధనత్రయోదశి', 'స్త్రీవిద్య', 'దిద్దుబాటు' మూడూ ఫోన్లో, మియాపూర్లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేలోపు చదివేశాను. వందేళ్ళ గొడవ, ఒక్క ఆఫీసు ప్రయాణం.

రెండో మాటకి ఒకటి ఉత్తరాల ఉదాహరణ. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఇదే చెప్పడానికి కుదరనిది. 'స్త్రీవిద్య' అంతా మొగుడూ పెళ్ళాల సంభాషణ. భార్యని విడిచి వెళ్ళాల్సి వచ్చిన భర్త ఆమెను చదువుకోమని ఒప్పించే ప్రయత్నం చేస్తాడు, చదువొస్తే దూరాన ఉన్నా ఉత్తరాల్లో మాట్లాడుకోవచ్చు కదా అని. 'దిద్దుబాటు'లో భార్యకి చదువు వచ్చు. ఆమె ఉత్తరం రాసి పెడుతుంది, అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్త దాన్ని చదువుకుంటాడు.

దీన్ని మొదటిసారి గట్టిగా చెప్పి చూసుకుంటే రెండు నిమిషాల పది సెకన్లు వచ్చింది. విన్నది మా ఆవిడ. తనకి తెలుగు కథల మీద పెద్ద ఆసక్తి లేదు, అందుకే మంచి పరీక్ష. తనకి అర్థమైతే హాల్లో వెనక వరసకి కూడా అర్థమవుతుంది. నేను రచయితల పేర్లు, పత్రికల పేర్లు, గోపాలరావు, కమలిని, నౌకరు రాముడు, అతను వేశ్యల పాట కచేరీకి వెళ్ళొచ్చిన సంగతి, అన్నీ చెప్పాను. అయ్యాక తను అడిగింది: "ఆగు, ఇంతకీ ఎవరు ఎవరికి రాశారు? వెళ్ళిపోయేది ఆయనా, ఆవిడా?"

ఆ ప్రశ్నలోనే సవరణ ఉంది. ఉత్తరం ఉదాహరణలో వినేవాళ్ళు పట్టుకోవాల్సింది ఉత్తరం. మిగతా ప్రతి పేరూ దాని ముందు నిలబడి అడ్డమొస్తోంది. పేరు ఒకటి చెప్తే వినేవాడు దాన్ని గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నిస్తాడు, నాలుగు చెప్తే ప్రయత్నం మానేస్తాడు. రాముణ్ణి తీసేశాను. గోపాలరావుని 'భర్త' చేశాను. కచేరీ తీసెయ్యడానికి మనసొప్పలేదు గానీ తీసేశాను. అది లేకపోతే భర్త తప్పేమిటో తెలియదు కదా అనిపించింది; తెలియకపోయినా ఉత్తరం ఉత్తరమే. సంవత్సరాల బదులు 'ఎనిమిదేళ్ళ తర్వాత' అని పెట్టాను. నాలుగోసారికి ఇలా తేలింది:

'1902లో అచ్చమాంబ కథలో ఒక భర్త, చదువుకో, ఉత్తరాలు రాసుకుందాం అని భార్యని బతిమాలతాడు. ఎనిమిదేళ్ళ తర్వాత గురజాడ కథలో భార్యకి చదువొచ్చేసింది. రాసింది ఉత్తరమే. కానీ అది ముద్దు మాటల ఉత్తరం కాదు, మొగుడు అర్ధరాత్రి ఇంటికొచ్చి, దీపం దగ్గర నిలబడి, చదువుకుని వణికిపోయే ఉత్తరం. మొదటి భర్త కోరుకున్న చదువే ఇది. అది వచ్చాక ఏం చేస్తుందో అతను ఊహించి ఉండడు.'

నలభై సెకన్లు. మా ఆవిడ ఈసారి ఇంకో ప్రశ్న అడిగింది: "ఏం రాసిందేంటి ఆ ఉత్తరంలో?" ఉదాహరణ పనిచేస్తోందో లేదో తెలిసేది ఇలాగే. అర్థంకాక అడిగే ప్రశ్న వేరు, తర్వాతేమైందని అడిగే ప్రశ్న వేరు. మొదటిది వస్తే కొయ్యాలి, రెండోది వస్తే చెయ్యి తియ్యాలి.

'దిద్దుబాటు' చదివినవాళ్ళకి తెలుసు, దానికొక ముగింపు ఉంది. చెప్తే హాలంతా నవ్వుతుంది, ఉత్తరం కన్నా బాగా గుర్తుంటుంది. దాన్ని వాడకూడదని ముందే అనుకున్నాను. నా మొదటి మాట 'చదవడం మానేశాం' అన్నది. చదవమని చెప్పడానికి వచ్చినవాడు ముగింపు చెప్పేస్తే ఇంక చదివేదెవరు? ఉదాహరణ ఎంత బాగున్నా, అది మోసే వాక్యానికి ఎదురు తిరిగితే పనికిరాదు. ఇక్కడ కూడా చెప్పను.

రెండో మాటకి దాచుకున్న ఉదాహరణ 'ధనత్రయోదశి'. లేమిలో ఉన్న సంసారం, పండగ పూట భర్త పరాయి సొమ్ము ఇంటికి తెస్తాడు, భార్య ఒప్పుకోదు, అతణ్ణి సరైన దారికి తెస్తుంది. అంటే భర్తని దిద్దింది భార్యే. గురజాడ తన కథకి పెట్టిన పేరు, అంతకు ఎనిమిదేళ్ళ ముందు వచ్చిన ఈ కథకి కూడా సరిగ్గా అతుకుతుంది. ఇది ఇరవై అయిదు సెకన్లలో చెప్పొచ్చు. విన్నవాడు రెండు కథల పేర్లూ ఒకేసారి గుర్తుపెట్టుకుంటాడు.

కావాలని వదిలేసిన ఉదాహరణ ఒకటుంది, అది చాలా ఊరించింది. ఎవరో కొందరు విమర్శకులు కూర్చుని అచ్చమాంబ పేరు కొట్టేశారన్నట్టు చెప్తే హాలు వేడెక్కుతుంది, మర్నాడు ఎవరైనా రాస్తారు కూడా. ఒక స్త్రీ పేరు చరిత్రలో వెనక్కి వెళ్ళడానికి కారణాలు ఉంటాయి, అవి మాట్లాడుకోవాలి. కానీ 'ఫలానావారు, ఫలానా చోట, కావాలని' అనడానికి నా దగ్గర చూపించడానికి కాగితం లేదు. గుర్తుండిపోయే ఉదాహరణతో వచ్చే చిక్కు ఇదే, తప్పైతే అదీ గుర్తుండిపోతుంది. సమీక్షలో అయితే కింద సవరణ వేసుకోవచ్చు. సభలో అన్నమాట ఎవరి వాట్సాప్‌లో తిరుగుతుందో ఎవరికి తెలుసు?

తర్వాత కార్డు. అరచేతిలో పట్టే అట్టముక్క, ఒక వైపే. పైన రెండు వాక్యాలు పూర్తిగా, అక్షరం వదలకుండా. వేదిక మీద మొదట జారిపోయేది మొదటి వాక్యమే, ఉదాహరణలు ఎలాగూ కథలు కాబట్టి వాటంతటవే వస్తాయి. వాటికి ఒక్కొక్క మాట చాలు: పుట్టినరోజు, మెట్రో, ఉత్తరం, పేరు. కింద మూలలో సంవత్సరాలూ పేర్లూ, అవి తప్పు చెప్తే పక్కనున్న మాస్టారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. రాసుకొచ్చిన పూర్తి పాఠం దగ్గరుంటే తల దించి చదవడం మొదలుపెడతాం. అప్పుడు మోడరేటర్‌కి మనల్ని మధ్యలో అడ్డుకోవడం కుదరదు, ప్యానెల్ కాస్తా నాలుగు ఉపన్యాసాలవుతుంది.

ఇక వేదిక సంగతి. మాస్టారు మొదట మాట్లాడారు. తొలి నిమిషంలోనే 2010 శతాబ్ది సభల ప్రస్తావన తెచ్చారు, ఆయన కొన్నిటికి వెళ్ళారట కూడా. నా పుట్టినరోజు ఉదాహరణ అక్కడితో సరి. దాచుకున్న రెండోది ఇందుకే. నా వంతు వచ్చినప్పుడు, మాస్టారు చెప్పిన సభల మాట పట్టుకునే మొదలుపెట్టి, అన్ని సభలు జరిగినా మేం చదవలేదు మాస్టారూ, అని మెట్రో ప్రయాణం చెప్పాను. వాక్యం నాది మారలేదు, మోసే బండి మారింది. ఒక్కటే ఉదాహరణ తెచ్చుకున్నవాళ్ళకి ఇలాంటప్పుడు రెండు దారులే ఉంటాయి, అదే మళ్ళీ చెప్పడం లేదా 'ఆయన చెప్పినట్టుగా' అని వాక్యాన్ని ఉత్తిగా వదిలెయ్యడం.

రెండో విడతలో మోడరేటర్ గారు అసలు సంబంధం లేని ప్రశ్న అడిగారు: "మీ ఐటీ వాళ్ళు తెలుగు చదువుతున్నారా?" నవ్వులు. ఇలాంటిచోట టీవీ చర్చల్లో నాయకులు చేసే పని ఒకటుంది, అడిగినదాన్ని వదిలేసి తాము అనుకొచ్చింది మొదలుపెట్టడం. నాకది చిరాకు, వినేవాళ్ళకీ తెలిసిపోతుంది. అడిగినదానికి ముందు ఒక నిజమైన వాక్యం చెప్పాలి. "నా టీంలో పదకొండుమంది తెలుగువాళ్ళం, తెలుగు పుస్తకం కొనేది ముగ్గురం," అన్నాను. అది నాకు తెలిసిన లెక్క, దాన్ని రాష్ట్రం మొత్తానికి సాగదియ్యలేదు. ఆ తర్వాత, "ఆ మిగతా ఎనిమిదిమందికి తొలి కథ ఏదో అక్కర్లేదు, కానీ ఈ ఉత్తరం సంగతి చెప్తే వింటారు," అని రెండో మాటకి వెళ్ళాను. ప్రశ్నకీ మన మాటకీ మధ్య ఒక్క వాక్యంలో దారి దొరక్కపోతే ఆ విడతకి మన మాట వదులుకోవడమే మంచిది. ఇంకో విడత వస్తుంది, రాకపోతే చివరి నిమిషం ఉంటుంది.

ఉత్తరం చెప్పాక మాస్టారు మైకు అందుకుని, గురజాడ ఆవిడని చదివాడనడానికి ఆధారం లేదే, అన్నారు. జాగ్రత్త మాట అప్పటికే చెప్పి ఉన్నాను గనక, అవును మాస్టారూ, అందుకే ఆ మాట ముందే అన్నాను, అనగలిగాను. ఆయన తల నిలువుగా ఊపారు, కాస్త ఆలోచించి మళ్ళీ అడ్డంగా కూడా ఊపారు. వరసగా చదివితే అచ్చమాంబ గురజాడకి మెట్టులా కనబడే ప్రమాదం ఉంది, ఆవిడ కథకి దాని లెక్క దానికుండాలి కదా, అన్నారు. నేను వేసుకున్న లెక్కల్లో లేని మాట అది. ప్యానెల్లో నాకు బాగా నచ్చిన రెండు నిమిషాలు ఆయన అది చెప్పినవి. నా మూడో విడత దానికే పోయింది. 'పేరు' ఉదాహరణ అక్కడ పనికొచ్చింది. దిద్దడమనేది ఆవిడ కథలో ఆవిడ సొంతం, ఎవరికీ మెట్టు కాదని చెప్పడానికి. నేను దాన్ని ఇంకో పనికి దాచుకున్నాను గానీ, అది ఆ పనికీ సరిపోయింది.

ప్రశ్నల సమయంలో ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "ఇవన్నీ సరే బాబూ, ఇంతకీ ఏది తొలి కథ?" అన్నారు. ఇది వస్తుందని తెలుసు. తేదీ అడిగితే ఈ రెంటిలో 1902దే ముందండీ, కథ ఎలా ఉండాలని మీరనుకుంటారో దాన్ని బట్టి మీ జవాబు మారొచ్చు, అన్నాను. ఆయనకి తృప్తి కలగలేదు. కూర్చుంటూ పక్కాయనతో ఏదో అన్నారు.

వెనక నుంచి కాలేజీ అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. తొలి కథ గురించి కాదు. "ఆ ఉత్తరంలో ఏం రాసిందో చెప్పలేదు మీరు," అంది.

చెప్పలేదు. మూడు పేజీల కథ, ఫోన్లో దొరుకుతుంది, అన్నాను. మోడరేటర్ గారు టైమైపోయిందని గడియారం చూపించారు. తర్వాతి కార్యక్రమం వాళ్ళు అప్పటికే మెట్లెక్కుతున్నారు.